మూడు నలభైకి ఎవరూ మెయిల్ పంపలేదు

ఫిల్మ్ నగర్‌లో ఫిల్మ్ చాంబర్‌కి కాస్త ఎగువన, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో చిన్న పోస్ట్ ప్రొడక్షన్ ఆఫీసు ఉంది. అక్కడి కంప్యూటర్ల బాగోగులు నేను చూస్తుంటాను. 2024 జూన్ 15, శనివారం. మధ్యాహ్నం అక్కడి కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. "అన్నా, ఒకసారి రండి. నేను చివరగా వచ్చిన మెయిలే తీసుకున్నాను. వాళ్లేమో పాతది తీసుకున్నావంటున్నారు" అంది. గొంతులో ఏడుపు తెలుస్తోంది.

జరిగింది ఇది. రీల్ 5లో గ్రాఫిక్స్ షాట్లు జూబ్లీహిల్స్‌లోని ఒక వీఎఫ్ఎక్స్ ఆఫీసు నుంచి రావాలి. శుక్రవారం ఈ అమ్మాయి రోజంతా రీరికార్డింగ్ దగ్గర ఉండిపోయింది. శనివారం పొద్దున తొమ్మిదింటికి మెయిల్ తెరిస్తే ఆ ఆఫీసు నుంచి రెండు మెయిళ్లున్నాయి. పైనున్నదానికి టైము తెల్లవారుజామున 3:40 అని ఉంది. దాని కిందది నిన్న సాయంత్రం 6:45. సినిమా విడుదల దగ్గరపడినప్పుడు తెల్లవారుజామున మూడింటికి మెయిల్ రావడం ఫిల్మ్ నగర్‌లో వింత కాదు. రాత్రంతా కూర్చుని ఆఖరి వెర్షన్ పంపారనుకుంది. పైదాంట్లోని లింకు తీసి డీఐకి, అంటే రంగులు సరిచేసే చోటికి, పంపేసింది. అక్కడ ఒక పూట పని జరిగాక వీఎఫ్ఎక్స్ వాళ్లు చూసి, ఇవి మేము వద్దన్న షాట్లు కదా అన్నారు. సాయంత్రం 6:45 మెయిల్లో ఉన్న మొదటి మాటే "ఇందాక పంపినవి వాడకండి" అని.

పోస్ట్ ప్రొడక్షన్ మేనేజర్‌కి కోపం వచ్చింది. అది సహజమే. అయితే ఆ అమ్మాయి తప్పేమీ చేయలేదు. ఇన్‌బాక్స్ తనకు చూపించిన వరుసనే నమ్మింది. నేను వీఎఫ్ఎక్స్ ఆఫీసుకి ఫోన్ చేసి, రాత్రి మూడు నలభైకి ఆఫీసులో ఎవరున్నారని అడిగాను. "ఎవరూ లేరండీ. ఏడింటికే తాళం వేశాం" అన్నారు. ఎవరూ పంపని సమయానికి వచ్చిన మెయిల్ అది.

ఇలాంటప్పుడు మెయిల్ పైపైన చూస్తే తేలదు, దాని హెడర్లు చూడాలి. ప్రతి మెయిల్‌కీ మనకు మామూలుగా కనపడని పది ఇరవై వరుసల వివరాలుంటాయి. ఆ ఆఫీసులో వాడేది థండర్‌బర్డ్. అందులో మెయిల్ తెరిచి `Ctrl+U` నొక్కితే అవి బయటపడతాయి. జీమెయిల్‌లో అయితే మెయిల్ పక్కనున్న మూడు చుక్కల మెనూలో `Show original` అని ఉంటుంది. మిగతావన్నీ తీసేసి, సర్వర్ల పేర్లు మార్చి, మనకు పనికొచ్చే రెండు సంగతులే ఇక్కడ ఇస్తున్నాను.

```
Received: from mail.example.com by mx.example.net;
    Fri, 14 Jun 2024 15:10:41 +0530
Date: Fri, 14 Jun 2024 15:10:22 -0700
```

కింది వరుస `Date`. పైది `Received`. రెండింటిలోనూ గంట ఒకటే, మధ్యాహ్నం 3:10. తేడా పంతొమ్మిది సెకన్లు. తొందరలో చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. అసలు సంగతి చివరి అంకెలో ఉంది. `Received` చివర `+0530` ఉంది, అది మన భారతదేశపు సమయం. `Date` చివర `-0700` ఉంది. అది వేసవిలో లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో నడిచే సమయం. అంటే ఆ కంప్యూటర్, "ఇప్పుడు అమెరికా పడమటి తీరంలో మధ్యాహ్నం 3:10" అని రాసింది. అక్కడ 3:10 అయితే ప్రపంచ ప్రామాణిక సమయం 22:10. దానికి మన అయిదున్నర గంటలు కలిపితే 27:40. ఇరవై నాలుగు తీసేస్తే మర్నాటి తెల్లవారుజాము 3:40. మెయిల్ ప్రోగ్రాము ఈ లెక్క తప్పు లేకుండా చేసి, వచ్చిన జవాబునే చూపించింది. దానికి అందిన సమాచారంలోనే తప్పుంది.

ఇక్కడ ఈ రెండు వరుసలూ ఎవరు రాస్తారన్నది తెలియాలి. `Date` అనేది పంపినవాళ్ల కంప్యూటర్ రాసేది. ఈమెయిల్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5322 అని 2008లో వచ్చింది, దాని తాత 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822. రాసిన మనిషి "ఇక అయిపోయింది, పంపొచ్చు" అనుకున్న క్షణమే `Date` అని ఆ ప్రమాణం చెబుతుంది. మెయిల్ నిజంగా ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు చేరింది అన్నవాటితో ఆ వరుసకు సంబంధం లేదు. దాన్ని ఎవరూ సరిచూడరు. కంప్యూటర్ గడియారం ఏ టైము చూపిస్తే అదే అచ్చవుతుంది. `Received` అలా కాదు. మెయిల్ దారిలో తగిలే ప్రతి సర్వరూ, నా చేతికి ఇప్పుడు అందింది అని ఒక వరుస రాసి అన్నిటికంటే పైన అతికిస్తుంది. అందుకే వాటిని కింది నుంచి పైకి చదవాలి, అట్టడుగున ఉన్నది మొదటి మజిలీ, పైనున్నది మన సర్వర్ వేసిన ముద్ర. సర్వర్లు తమ గడియారాలను నెట్‌వర్క్ ద్వారా ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ ఉంటాయి కాబట్టి, అందులోనూ అన్నిటికంటే పై ముద్ర మనం నమ్ముకున్న సర్వరే వేసింది కాబట్టి, అది సాధారణంగా నిజమే చెబుతుంది.

ఇన్‌లాండ్ లెటర్లు రాసిన తరం వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఉత్తరం పైన కుడివైపు మూలన మనం చేత్తో వేసే తేదీ ఒకటి. పోస్టాఫీసు వాళ్లు నల్లసిరాతో కొట్టే ముద్ర ఇంకొకటి. మొదటిది రాసినవాళ్ల మాట, రెండోది మోసుకొచ్చినవాళ్ల సాక్ష్యం.

మరి అమెరికా సమయం జూబ్లీహిల్స్ కంప్యూటర్లోకి ఎలా దూరింది? దీనికి జవాబు ఆ సాయంత్రమే దొరికింది. వాళ్లు తొమ్మిది రోజుల క్రితం ఒక కొత్త మెషిన్ తెచ్చి విండోస్ ఎక్కించారు. సెటప్‌లో ఎవరూ మార్చకపోతే విండోస్ తరచుగా `Pacific Time (US & Canada)` అనే టైమ్ జోన్‌తో మొదలవుతుంది. పని మొదలుపెట్టిన కుర్రాడు మూలనున్న గడియారం తప్పు చూపిస్తోందని గమనించాడు. టైమ్ జోన్ మార్చాల్సింది పోయి, ఆటోమేటిక్ టైము ఆపేసి, అంకెలను చేత్తో హైదరాబాద్ సమయానికి తిప్పాడు. తెర మీద గడియారం సరిగ్గా కనపడసాగింది. ఆ గదిలో ఎవరికీ ఇబ్బంది లేదు. లోపల మాత్రం ఆ కంప్యూటర్ తాను కాలిఫోర్నియాలో ఉన్నాననే అనుకుంటోంది. అందుకే అది పంపే ప్రతి మెయిలూ పన్నెండున్నర గంటల భవిష్యత్తు నుంచి వస్తోంది. సాయంత్రం 6:45 మెయిల్ పక్క టేబుల్ మీది పాత కంప్యూటర్ నుంచి వెళ్లింది. దాని జోన్ సరిగ్గా ఉంది కాబట్టి దానికి నిజమైన సమయమే పడి, కిందికి జారిపోయింది.

ఈ తప్పును గుర్తుపట్టడానికి ఒక ఆనవాలుంది. `Received`, `Date` రెండిటినీ ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మార్చి తేడా చూడండి. మన మెయిల్‌లో `Date` 22:10:22, `Received` 9:40:41. అంటే రాయడానికి 12 గంటల 29 నిమిషాల 41 సెకన్ల ముందే అది చేరిపోయింది! చేరాకే రాయడం ఎవరివల్లా కాదు, కనుక `Date` అబద్ధమని ఇక్కడే తేలిపోతుంది. ఆ అబద్ధం ఏ రకమో తేడా అంకె చెబుతుంది. ఇంచుమించు పన్నెండున్నర గంటలైతే జోన్ తప్పు. అదే చలికాలమైతే తేడా పదమూడున్నర గంటలుంటుంది, ఎందుకంటే అక్కడ వేసవిలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు, మనం జరపం. ఈ గంట తేడా తెలుగువాళ్లకు ఒక రోజు బాగా అనుభవంలోకి వచ్చింది. 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన వేడుక లాస్ ఏంజెలెస్‌లో 2023 మార్చి 12 సాయంత్రం 5 గంటలకు మొదలైంది. మనకది 13వ తేదీ పొద్దున 5:30. అమెరికాలో ఆ ఏడాది గడియారాలు ముందుకు జరిపింది కూడా సరిగ్గా ఆ 12వ తేదీ తెల్లవారుజామునే. ఒక రోజు ముందైతే అక్కడి సాయంత్రం 5 మనకు 6:30 అయ్యేది.

తేడా నెలల్లోనో ఏళ్లలోనో ఉంటే జోన్ సంగతి కాదు, ఆ కంప్యూటర్ మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి గడియారం ఏ పాత తేదీకో వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు మెయిల్ భవిష్యత్తులో తేలదు, గతంలో మునుగుతుంది. ఇన్‌బాక్స్ అట్టడుగున పడి ఎవరి కంటా పడదు. ఇది ఇంకా ప్రమాదం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. `Received` వరుసలో `-0700` కనపడగానే తప్పని తేల్చకండి. జీమెయిల్ సర్వర్లు తమ ముద్రలో మామూలుగా అమెరికా పడమటి సమయమే రాస్తాయి. అక్కడ గంట కూడా ఆ జోన్‌కి తగ్గట్టే ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది. జోన్‌ని, గంటని కలిపే చదవాలి. మన కేసులో గంట హైదరాబాద్‌ది, జోన్ కాలిఫోర్నియాది. ఆ రెండూ కలవడమే దోషం.

ఇంతవరకు చదివినవాళ్లకి, అయితే `Date` పక్కనపెట్టి ఎప్పుడూ `Received` వరుసే చూసుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అది సరికాదని ఇంకో సంగతితో తెలిసింది. 'పుష్ప' తీసిన మారేడుమిల్లి అడవుల్లాంటి చోట షూటింగ్ జరుగుతోందనుకోండి. సిగ్నల్ ఉండదు. కో-డైరెక్టర్ పొద్దున పదకొండింటికి, "ఈ సీన్‌లో రెండో టేక్ వాడండి" అని మెయిల్ రాసి పంపుతాడు. అది అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి డైరెక్టర్ రంపచోడవరం వచ్చి సిగ్నల్ దొరికాక, మనసు మార్చుకుని, "నాలుగో టేక్ వాడండి" అని రాస్తారు. కో-డైరెక్టర్ ఆ సాయంత్రం ఆరింటికి కొండ దిగుతాడు. అప్పుడు అతని పొద్దుటి మెయిల్ బయలుదేరుతుంది. చాలా ప్రోగ్రాముల్లో దాని `Date` పదకొండు గంటలే, `Received` ఆరు గంటలు. ఎడిటర్ ఇన్‌బాక్స్ `Received` వరుసలో ఉంటే రెండో టేక్ మాటే ఆఖరి మాటగా పైన కూర్చుంటుంది. `Date` వరుసలో ఉంటే డైరెక్టర్ మాట పైన ఉంటుంది, అదే సరైనది. కానీ ఆ వరుసలో ఇంకో చిక్కు. ఆరింటికి వచ్చిన మెయిల్, ఎడిటర్ ఇదివరకే చదివేసిన మెయిళ్ల కిందికి దూరిపోతుంది. పైభాగం చూసి కొత్తదేం లేదనుకునేవాళ్లకి అది వచ్చినట్టే తెలియదు.

కాబట్టి ఈ రెండు తేదీలూ ఒకే ప్రశ్నకు రెండు జవాబులు కావు. ఎవరు ముందు అన్నారు అన్నదానికి `Date` జవాబు. నా దగ్గరికి కొత్తగా ఏం వచ్చింది అన్నదానికి `Received` జవాబు. మన సినిమావాళ్లకి ఈ తేడా రోజూ ఉండేదే. క్లాప్ బోర్డు మీద సీన్ నంబరూ ఉంటుంది, తీసిన తేదీ కూడా ఉంటుంది. క్లైమాక్స్ మొదటి రోజే తీసి ఉండొచ్చు. ఫుటేజ్ ఎంత వచ్చిందో లెక్క చూసేవాళ్లు తీసిన రోజుల వరుసలో చూస్తారు, కథ అతికేవాళ్లు సీన్ల వరుసలో చూస్తారు. మెయిల్ ప్రమాణాలు రాసినవాళ్లకీ ఈ సంగతి తెలుసు. సర్వర్ మీదే మెయిళ్లను వరుసపెట్టే పద్ధతిని వివరించే ఆర్‌ఎఫ్‌సీ 5256లో `ARRIVAL` ఒకటి, `DATE` ఒకటి, విడివిడిగా రెండు పేర్లున్నాయి. చిక్కల్లా చాలా మెయిల్ ప్రోగ్రాముల తెర మీద ఆ రెండిటిలో ఒకటే కనపడటం, దానికి పైన మామూలుగా `Date` అని మాత్రమే రాసి ఉండటం.

అందుకని ఆ రోజు ఆఫీసులో నేను చేసింది, ఒకదాన్ని తీసి ఇంకోటి పెట్టడం కాదు. రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టాను. థండర్‌బర్డ్ కొత్త వెర్షన్లలో మెయిళ్లు కార్డుల్లా కనపడుతుంటే కాలమ్‌లే ఉండవు. మెయిళ్ల జాబితా పైన కుడివైపున్న బొత్తం నొక్కి ముందు `Table View` ఎంచుకోవాలి. అప్పుడు కాలమ్ పేర్ల వరుస కుడి చివర చిన్న గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే ఏయే కాలమ్‌లు కావాలో అడుగుతుంది. అందులో `Received` దగ్గర టిక్ పెట్టాలి. ఆ కాలమ్ పేరు మీద ఒకసారి నొక్కితే వరుస దాని ప్రకారం మారుతుంది, మళ్లీ నొక్కితే తలకిందులవుతుంది. అదే జాబితాలో `Order Received` అని ఇంకొకటి ఉంటుంది, పేరు చూసి మోసపోకూడదు. అది సమయం కాదు, ఆ ఫోల్డర్లోకి మెయిళ్లు చేరిన క్రమం మాత్రమే. ఒక పాత మెయిల్‌ని ఇంకో ఫోల్డర్లోకి లాగితే అక్కడ అది అన్నిటికంటే కొత్తదైపోతుంది. అన్ని ఫోల్డర్లకూ ఒకే ఏర్పాటు కావాలంటే, కాలమ్‌ల మెనూ అడుగున `Apply columns to…` ఉంది.

ఔట్‌లుక్ వాడేవాళ్లకి మామూలుగా `Received` ముందే ఉంటుంది, లేనిది `Sent`. విండోస్ మీది పాత తరహా ఔట్‌లుక్‌లో `View` ట్యాబులో `View Settings`, అందులో `Columns` తెరిచి దాన్ని కలుపుకోవాలి. మ్యాక్ మెయిల్లో కాలమ్‌ల పద్ధతి ఎంచుకుంటే `Date Received`, `Date Sent` అని రెండూ దొరుకుతాయి. జీమెయిల్ వెబ్‌లో ఈ ఎంపికే లేదు. మామూలుగా వచ్చే మెయిళ్లను గూగుల్ సర్వర్ అందుకున్న సమయం ప్రకారమే అది పేరుస్తుంది. అందుకే జూన్ 14 నాటి ఆ మెయిల్‌ని ఎవరైనా జీమెయిల్ వెబ్‌లో చూసి ఉంటే సాయంత్రం 6:45 మెయిలే దానికి పైన ఉండేది. ఒకే ఆఫీసులో ఇద్దరు రెండు ప్రోగ్రాముల్లో చూస్తూ, నాకు ఇది పైన ఉంది, కాదు నాకు అది పైన ఉంది అని వాదించుకోవడం వెనక ఉన్న కారణం ఇదే.

`Received` వరుస పూర్తిగా పనికిరాకుండా పోయే సందర్భం ఒకటుంది. ఒక సినిమా అయిపోయి మెయిళ్లన్నీ కొత్త అకౌంట్‌కి మార్చినప్పుడు, మార్చే సాధనం ప్రతి మెయిల్‌తో దాని అసలు తేదీని సర్వర్‌కి చెప్పకపోతే, సర్వర్ ఆ క్షణపు సమయాన్నే వేసుకుంటుంది. రెండేళ్ల మెయిళ్లు ఒకే మధ్యాహ్నం వచ్చినట్టు కనపడతాయి. సర్వర్ దాచుకునే తేదీ మీద ఆధారపడే ప్రోగ్రాముల్లోనే ఇది జరుగుతుంది. థండర్‌బర్డ్ `Received` కాలమ్ మెయిల్ లోపలి ముద్రనే చదువుతుంది కాబట్టి చాలావరకు తప్పించుకుంటుంది. మిగతావాటిలో అలాంటి పాత ఫోల్డర్లకి పంపిన తేదీ వరుసే దిక్కు.

వీఎఫ్ఎక్స్ ఆఫీసు కంప్యూటర్ సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. విండోస్ సెటింగ్స్‌లో `Time & language`, అందులో `Date & time`. అక్కడ టైమ్ జోన్ల జాబితాలో హైదరాబాద్ పేరుండదు, `(UTC+05:30) Chennai, Kolkata, Mumbai, New Delhi` అన్నదే మనది. అది ఎంచుకోగానే గడియారం పన్నెండున్నర గంటలు ముందుకు దూకింది. కుర్రాడు కంగారుపడి మళ్లీ చేత్తో తిప్పబోయాడు. ఆగమన్నాను. `Set time automatically` ఆన్ చేసి `Sync now` నొక్కితే అదే సరైన చోటికి వచ్చి నిలబడింది. మొదట గడియారాన్ని చేత్తో తిప్పడమే ఇదంతా దాచిపెట్టింది. తప్పు గడియారం తప్పుగానే కనపడి ఉంటే మొదటి రోజే ఎవరో ఒకరు జోన్ మార్చేవారు.

వెళ్లిపోయిన మెయిళ్లను మాత్రం ఎవరూ మార్చలేరు. ఆ తొమ్మిది రోజుల్లో ఆ మెషిన్ నుంచి వచ్చిన మెయిళ్లను వెతకడానికి కోఆర్డినేటర్, నేను కలిసి కూర్చున్నాం. రెండు కాలమ్‌లూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టి పని తేలికైంది. ఎక్కడ `Date`, `Received` కంటే ముందుకు పోయిందో అక్కడ ఆగడమే. పదకొండు మెయిళ్లు దొరికాయి. ఒక్కోదానికి ఆమె ఎర్ర ట్యాగ్ పెట్టి, దాని పక్కన అసలు సమయం కాగితం మీద రాసుకుంది. వాటిలో రెండు రీల్ 3 గురించినవి. వాటిని అప్పటికే డీఐకి పంపేసింది. ఆమె మేనేజర్‌కి ఫోన్ చేసి, ఆ రెండింటి వెర్షన్ నంబర్లు మళ్లీ సరిచూడమని చెప్పింది.